చిన్న కంపెనీకి వెబ్‌సైట్: బిల్డర్ సరిపోతుందా, వర్డ్‌ప్రెస్ పెట్టాలా, కోడ్ రాయించాలా?

హైదరాబాద్ బాలానగర్‌లో నాకు తెలిసిన ఒక స్టీల్ ట్యాంకుల షెడ్డు ఉంది. పదకొండు మంది పనిచేస్తారు. పాల డెయిరీలకు, స్వీటు షాపులకు స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు, కోవా కడాయిలు, పాలు చల్లబరిచే కూలర్లు చేసి పంపుతారు. ఒకరోజు ఆ ఓనరు గారు నా ముందు మూడు కొటేషన్లు పెట్టారు. మూడూ వెబ్‌సైట్ కోసమే. ఒకటి పన్నెండు వేలు, ఒకటి ముప్ఫై ఐదు వేలు, ఇంకోటి లక్షా నలభై వేలు.

“ట్యాంకు కొనేవాడు వస్తే 304 గ్రేడా, 316 గ్రేడా అని అడుగుతాడు. షీటు మందం ఎంత అని అడుగుతాడు. వీళ్ళని నేనేం అడగాలో నాకు తెలీట్లేదండీ” అన్నారాయన.

ఆ మూడు కాగితాల మీద ఉన్నవి ఒకే వస్తువుకు మూడు ధరలు కావు, మూడు వేరే వేరే వస్తువులు. పన్నెండు వేలవాడు విక్స్ లాంటి బిల్డర్‌లో సైటు అమర్చి ఇస్తానన్నాడు. ముప్ఫై ఐదు వేలవాళ్ళు వర్డ్‌ప్రెస్ అన్నారు. లక్షా నలభై వేలవాళ్ళు మొదటి నుంచీ కోడ్ రాసి ఇస్తామన్నారు. మూడు కాగితాల్లోనూ “మొబైల్‌లో చక్కగా కనిపిస్తుంది, గూగుల్‌లో పైకి వస్తుంది” అన్న మాట మాత్రం అచ్చుగుద్దినట్టు ఒక్కటే. ఆ మాటను చూసి ఎంచుకోవడం కుదరదు. సైటు తయారైన రోజున మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది రెండో ఏడాదిలో.

ముందు వస్తువులేమిటో చెప్పుకుందాం. బిల్డర్ అంటే విక్స్, స్క్వేర్‌స్పేస్, షాపిఫై లాంటివి. సాఫ్ట్‌వేర్ వాళ్ళదే, సర్వర్ వాళ్ళదే. మనం మౌస్‌తో ఫొటోలు, మాటలు పేర్చుకుంటాం, ఏడాదికింత అని కడతాం. కట్టడం ఆపితే మన చిరునామాలో సైటు కనిపించదు. వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని మనం కొనుక్కున్న హోస్టింగ్‌లో, అంటే అద్దె సర్వర్‌లో పెట్టుకుని, పైన రూపం కోసం ఒక థీమ్, అదనపు పనుల కోసం అవసరమైన ప్లగిన్లు వేసుకుంటాం. జూమ్లా, డ్రూపల్ కూడా ఇదే కోవలోవి కానీ మన ఊళ్ళలో చిన్న కంపెనీలకు చేసేవాళ్ళు నూటికి తొంభై మంది వర్డ్‌ప్రెస్సే పెడతారు కాబట్టి ఇక్కడ దాని గురించే మాట్లాడతాను. ఒక చిన్న తిరకాసు: WordPress.com అనేది దాదాపు బిల్డర్ లాంటి సర్వీసు. WordPress.org నుంచి దించుకుని మన హోస్టింగ్‌లో పెట్టుకునేది వేరు. కొటేషన్‌లో ఏది ఉందో అడగండి. మూడోది సొంత కోడ్. దీని సంగతి కొంచెం పెద్దది, తర్వాత వస్తాను.

ఓనరు గారిని నేను అడిగిన మొదటి ప్రశ్న: “సైటులో ఏదైనా మార్చాలంటే ఎవరు కూర్చుని మారుస్తారు?” ఆయన కాసేపు ఆలోచించి, “మా అకౌంట్స్ అమ్మాయి” అన్నారు. టాలీ చూసుకునే అమ్మాయి. వారానికి అరగంట దొరుకుతుంది. ఏం మార్చాలి? నెలకోసారి కొత్తగా పంపిన ట్యాంకు ఫొటో ఒకటి పెట్టాలి. ఏడాదికోసారి కెపాసిటీల పట్టిక మారుతుంది. మొత్తం ఉత్పత్తులు తొమ్మిది. ధరలు సైటులో పెట్టరు, ప్రతి ట్యాంకుకూ విడిగా కొటేషన్ ఇస్తారు. కాబట్టి ఆన్‌లైన్ పేమెంట్ అక్కర్లేదు, ఎంక్వైరీ ఫారం ఉండాలి. ఒంగోలు వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి చిన్న డెయిరీలవాళ్ళు ఫోన్ చేస్తుంటారు కాబట్టి ఇంగ్లిష్‌తో పాటు తెలుగు పేజీలు కావాలి. అన్నీ కలిపితే రెండు భాషల్లో ఇరవై నాలుగు పేజీలు.

రెండో ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు: “ఎవరూ ఏమీ మార్చకపోయినా సైటును చూసుకోవాల్సింది ఎవరు?”

ఈ రెండో ప్రశ్న దగ్గరే వర్డ్‌ప్రెస్ అసలు ఖర్చు ఉంది. చాలా ఏళ్ళు నేను అడిగినవాళ్ళందరికీ కళ్ళు మూసుకుని వర్డ్‌ప్రెస్సే పెట్టించేవాణ్ణి. ఒక శిక్షణ సంస్థకు అలాగే పెట్టి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి, డబ్బులు తీసుకుని వచ్చేశాను. రెండేళ్ళ తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్. “సార్, గూగుల్‌లో మన పేరు కొడితే కింద జపాన్ భాషేదో వస్తోంది.” నేను సైటు తెరిచి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. హోమ్ పేజీలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తర్వాత గూగుల్‌లో ఇలా కొట్టాను (వాళ్ళ పేరు బదులు ఉత్త నమూనా పేరు వేస్తున్నాను):

```
site:example.in
```

అలా కొడితే ఆ ఒక్క సైటులో గూగుల్‌కు తెలిసిన పేజీలు వస్తాయి. ముప్ఫై పేజీల సైటుకి వేల ఫలితాలు వచ్చాయి, అన్నీ జపనీస్‌లో బ్రాండెడ్ బ్యాగులు, వాచీలు. ఇది కొత్త రకం దాడేమీ కాదు, ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. సైటులోకి దూరినవాళ్ళు మామూలు మనిషికి మామూలు పేజీ చూపిస్తారు, గూగుల్ వచ్చినప్పుడు మాత్రం నకిలీ సరుకు పేజీలు చూపిస్తారు. అందుకే ఓనరుకు నెలల తరబడి తెలీదు. దూరిన దారి ఒక స్లైడర్ ప్లగిన్. హోమ్ పేజీలో బొమ్మలు జరగడానికి నేనే వేసిన ప్లగిన్. దాంట్లో ఉన్న లోపాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో సరిచేశారు. అప్‌డేట్ బటన్ నొక్కినవాళ్ళే లేరు. బ్యాకప్ ఉందా అంటే ఉంది, అదే సర్వర్‌లో, చివరి మూడు వారాలది మాత్రమే. ఆ మూడూ దాడి తర్వాతవే. శుభ్రం చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది, డబ్బులు అడగడానికి మొహం చెల్లలేదు.

వర్డ్‌ప్రెస్ చెడ్డదని చెప్పడం లేదు. దాని అసలు సాఫ్ట్‌వేర్ చిన్న చిన్న భద్రతా అప్‌డేట్లను 2013 నుంచి తనంతట తానే వేసుకుంటోంది. గొడవంతా దాదాపుగా ప్లగిన్లతో, థీమ్‌లతో వస్తుంది. ముఖ్యంగా డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్‌ని ఎక్కడో ఫ్రీగా దించి పెట్టేవాళ్ళతో. కొటేషన్ మరీ చవగ్గా ఉండి, ఖరీదైన థీమ్ పేరు చెబితే, “లైసెన్సు మా కంపెనీ పేరు మీద ఉంటుందా?” అని ఒక్క మాట అడగండి. ప్లగిన్ల అప్‌డేట్లు కూడా ఆటోమేటిక్‌గా పెట్టుకోవచ్చు. కానీ అప్పుడప్పుడూ ఒక అప్‌డేట్ ఇంకో ప్లగిన్‌తో పడక పేజీ తెల్లగా అయిపోతుంది, దాన్ని చూసేవాడు ఒకడు ఉండాలి. కాబట్టి ఇప్పుడు నా లెక్క ఇది: వర్డ్‌ప్రెస్ అంటే నెలవారీ మెయింటెనెన్స్‌తో కలిపే వర్డ్‌ప్రెస్. ఆ డబ్బు పెట్టడం ఇష్టం లేని కంపెనీకి నేను దాన్ని పెట్టించను.

బిల్డర్‌లో ఈ తలనొప్పి లేదు. ప్లగిన్ పాతబడటం, సర్వర్‌లో సైటును నడిపే పీహెచ్‌పీ అనే భాష మారడం లాంటివన్నీ వాళ్ళ పని. అకౌంట్స్ అమ్మాయి ఫొటో మార్చి పబ్లిష్ నొక్కితే చాలు. మరి దాన్ని నేను ఎందుకు ఇన్నాళ్ళు దూరం పెట్టానంటే, బయటకు వచ్చే దారి ఇరుకు. విక్స్‌లో కట్టిన సైటును మూట కట్టుకుని ఇంకో హోస్టింగ్‌కి తీసుకుపోవడం కుదరదు. స్క్వేర్‌స్పేస్ కొంత వరకు ఎగుమతి చేయనిస్తుంది, అన్నీ రావు. పైగా సర్వీసే ఆగిపోతే మనం చేయగలిగింది లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ వచ్చేది, చిరునామా చివర business.site అని ఉండేది. మన చుట్టుపక్కల ఎన్ని షాపుల బోర్డుల మీద, విజిటింగ్ కార్డుల మీద ఆ చిరునామా ఉండేదో. 2024 మార్చిలో గూగుల్ వాటిని ఆపేసింది. కొన్నాళ్ళు ఆ చిరునామా కొడితే ప్రొఫైల్‌కి వెళ్ళేది, జూన్ నుంచి అదీ లేదు. కార్డులు మాత్రం ఇప్పటికీ జేబుల్లో తిరుగుతున్నాయి.

ఇది చూసి బిల్డర్ అంటేనే భయపడేవాళ్ళున్నారు. నేనూ అలాగే ఉండేవాణ్ణి. తర్వాత ఒకరోజు కూర్చుని లెక్క వేసుకున్నాను. బయటకు రాలేకపోవడం అన్నది పేజీల సంఖ్యను బట్టి ఉంటుంది. ఇరవై నాలుగు పేజీల సైటును మళ్ళీ ఇంకో చోట మొదటి నుంచి పేర్చడానికి ఎంత పడుతుంది? మాటలు, ఫొటోలు చేతిలో ఉంటే మూడు రోజులు. నాలుగు వందల ఉత్పత్తులున్న హార్డ్‌వేర్ డీలరుకైతే మూడు నెలలు, పైగా గూగుల్‌లో ఉన్న ప్రతి పాత లింకునూ కొత్త లింకుకు మళ్ళించాలి. మొదటివాడికి ఇరుక్కుపోవడం అనేది చిన్న చికాకు, రెండోవాడికి అది పెద్ద గొయ్యి. కాబట్టి చిన్న సైటుకు బిల్డర్ భయం అక్కర్లేదు, ఒక్క షరతు మీద. ప్రతి పేజీ మాటలూ ఒక గూగుల్ డాక్‌లోనో, వర్డ్ ఫైల్‌లోనో మీ దగ్గర ఉండాలి. అసలు సైజు ఫొటోలు మీ ఫోల్డర్‌లో ఉండాలి. బిల్డర్‌లోకి ఎక్కించాక “అక్కడుందిగా” అని ఇక్కడ తీసేయకూడదు.

బిల్డర్‌తో ఇంకో రెండు చికాకులు వస్తాయి, కొనే ముందే తెలుసుకోవడం మంచిది. విక్స్‌లో మొదట ఎంచుకున్న టెంప్లేట్‌ను తర్వాత మార్చలేం, మార్చాలంటే కొత్త సైటు కట్టుకోవాల్సిందే. రెండోది డబ్బు కట్టడం. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు ఖాతా నుంచి వాటంతటవే కోసుకునే చెల్లింపులకు ఆర్‌బీఐ అదనపు అనుమతి తప్పనిసరి చేసింది. విదేశీ కంపెనీల రెన్యువల్స్ చాలాచోట్ల ఫెయిల్ అయ్యాయి. ఇప్పటికీ, కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేసి ఉంటే డబ్బు కట్ కాదు. రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడని అడ్రసుకు వెళ్తుంది, ఒక సోమవారం పొద్దున సైటు ఉండదు. అందుకే నెలనెలా కాకుండా ఏడాదికి ఒకసారి కట్టి, రెన్యువల్ తేదీని అకౌంట్స్ వాళ్ళ క్యాలెండర్‌లో జీఎస్టీ తేదీల పక్కన రాయించండి. అక్కడ రాసినదాన్ని మాత్రం ఎవరూ మర్చిపోరు.

ఇప్పుడు సొంత కోడ్. ఈ పేరు కింద రెండు రకాలు అమ్ముతారు, రెండింటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. ఒకటి ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలు. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు. వీటిని క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లోనో, నెట్లిఫైలోనో ఉచితంగానే పెట్టొచ్చు. పదేళ్ళు ముట్టుకోకపోయినా నడుస్తూనే ఉంటాయి, దూరడానికి తలుపులే లేవు కాబట్టి హ్యాకింగ్ భయం దాదాపు ఉండదు. లోటు ఒక్కటే: ఫోన్ నంబరు మార్చాలన్నా కోడ్ తెలిసినవాడు రావాలి. ఇంట్లోనో ఆఫీసులోనో కాస్త హెచ్‌టీఎంఎల్ తెలిసినవాళ్ళుంటే నేను ముందు దీన్నే చూడమంటాను. అమ్మేవాళ్ళు చెప్పకుండా దాటేసే మంచి దారి ఇది, ఎందుకంటే దీంట్లో అమ్మేవాడికి మిగిలేది తక్కువ.

రెండో రకం, లక్షా నలభై వేల కాగితంలో ఉన్నది: పీహెచ్‌పీలో డేటాబేస్‌తో, సొంత అడ్మిన్ ప్యానెల్‌తో. అంటే ఒక చిన్న వర్డ్‌ప్రెస్‌ని మళ్ళీ కొత్తగా, ఒకే ఒక్క మనిషి రాసి ఇస్తాడు. దాని లోపాలు వెతికేవాడూ అతనే, సరిచేసేవాడూ అతనే. అతను ఉద్యోగం మారితే అంతే. ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ సైటు ఇలాగే ఒక రాత్రి పోయింది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. హోస్టింగ్ వాళ్ళు పీహెచ్‌పీని 7కి పెంచారు, పొద్దున చూస్తే తెర మీద ఇది:

```
Fatal error: Uncaught Error: Call to undefined function mysql_connect()
```

ఆ mysql_connect అన్నదాన్ని 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచి తీసేశారు. పాత కోడ్ నిండా అదే. వర్డ్‌ప్రెస్ అయితే అలాంటి మార్పులకు దాన్ని రాసేవాళ్ళే సిద్ధం చేసి ఉంచుతారు. ఇక్కడ సిద్ధం చేయాల్సినవాడు అప్పటికి ఇంకో ఊళ్ళో ఇంకో ఉద్యోగంలో ఉన్నాడు.

మరి సొంత కోడ్ ఎప్పుడు? సైటు ఒక పని చేయాలి, ఆ పని ఏ రెడీమేడ్ దానిలోనూ దొరకదు, ఆ పని వల్ల నేరుగా డబ్బు వస్తుంది లేదా ఒక మనిషి రోజంతా చేసే పని తగ్గుతుంది. అప్పుడు. ట్యాంకుల కంపెనీని ఇదే అడిగాను. “రెడీమేడ్‌లో లేని పని ఏదైనా ఉందా?” ఉందన్నారు. ఫోన్ చేసే ప్రతి రెండోవాడూ “నాకున్న చోటు ఇంత, ఎన్ని లీటర్ల ట్యాంకు పడుతుంది?” అని అడుగుతాడట. సూపర్‌వైజర్ క్యాలిక్యులేటర్ తీసి చెప్పాలి. ఆ మూడో కొటేషన్‌లో దీనికి “కస్టమ్ కెపాసిటీ మాడ్యూల్” అని పేరు పెట్టి ముప్ఫై వేలు రాశారు. ఆ మాడ్యూల్ మొత్తం ఇంతే:

```html
<label>వ్యాసం (మి.మీ.) <input id="d" type="number"></label>
<label>ఎత్తు (మి.మీ.) <input id="h" type="number"></label>
<button onclick="lekka()">లీటర్లు చూడండి</button>
<p id="out"></p>
<script>
function lekka() {
  const d = Number(document.getElementById("d").value);
  const h = Number(document.getElementById("h").value);
  const litres = Math.PI / 4 * d * d * h / 1000000;
  document.getElementById("out").textContent =
    Math.round(litres) + " లీటర్లు";
}
</script>
```

వ్యాసం 1200 మిల్లీమీటర్లు, ఎత్తు 1500 కొడితే 1696 లీటర్లు అని వస్తుంది. అడుగు సమతలంగా ఉండే నిలువు ట్యాంకుకు అంచు దాకా నింపితే వచ్చే లెక్క ఇది. గిన్నెలా వంపు తిరిగిన డిష్ అడుగు ఉంటే మారుతుంది, అంచు దాకా ఎవరూ నింపరు కూడా. ఆ రెండు మాటలూ దాని కింద రాసేస్తే సరిపోతుంది. బిల్డర్లలో చాలావాటిలో ఇలాంటి కోడ్ ముక్కను పేజీలో అతికించుకునే వీలుంది, ప్లాన్‌లో అది ఉందో లేదో చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లోనూ కుదురుతుంది. అంటే ఒక్క ముక్క కోసం సైటంతా కోడ్ రాయించనక్కర్లేదు. మీ కొటేషన్‌లో “కస్టమ్” అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఆ పని ఒక పేజీ కోడ్‌తో అయ్యేదా, కాదా అని మూడో మనిషిని అడగండి.

తెలుగు సంగతి ఒకటి చెప్పాలి, మూడు దారుల్లోనూ దెబ్బ తగిలేది ఇక్కడే. ఈ కంపెనీ తెలుగు బ్రోచరు డీటీపీ షాపులో అను ఫాంట్లలో చేయించారు. ఆ ఫైల్ నుంచి కాపీ చేసి సైటులో అతికిస్తే “ట్యాంకు” బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వస్తుంది. అను ఫాంట్లది అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగు. కన్వర్టర్లున్నాయి కానీ ఒత్తులు, పొల్లులు ఎక్కడో ఒకచోట తేడా కొడతాయి, ఎవరైనా కూర్చుని చదవాలి. కొందరు డిజైనర్లు ఈ గొడవెందుకని తెలుగు పేజీని బొమ్మగా పెట్టేస్తారు. అది కంటికి బాగుంటుంది, గూగుల్‌కు మాత్రం అందులో ఒక్క అక్షరం కూడా ఉన్నట్టు కాదు. సొంత కోడ్ సైటులో ఇంకో రకం వస్తుంది: అడ్మిన్ ప్యానెల్‌లో తెలుగు కొట్టి సేవ్ చేస్తే ????? అని కనిపిస్తుంది. డేటాబేస్‌ని తెలుగు అక్షరాలు పట్టే utf8mb4లో కాకుండా పాత latin1లో పెట్టారని అర్థం. డెమో రోజునే మీ చేత్తో “స్టెయిన్‌లెస్ కూలర్లు” అని కొట్టి సేవ్ చేసి చూడండి. ఒత్తులన్నీ తేలిపోతాయి.

ఇక డబ్బు. మూడేళ్ళకు వేశాం, ఎందుకంటే మొదటి ఏడాది ధరలు ఎవరివైనా అందంగానే ఉంటాయి. బిల్డర్: అమర్చినందుకు 12,000, ఏడాదికి 6,500 చొప్పున మూడేళ్ళకు 19,500, కలిపి 31,500. వర్డ్‌ప్రెస్: తయారీకి 35,000, హోస్టింగ్ మొదటి ఏడాది 2,400, రెన్యువల్ రేటు మాత్రం 5,500, అంటే మూడేళ్ళకు 13,400. మెయింటెనెన్స్ మొదటి ఏడాది ఉచితం అన్నారు, తర్వాత నెలకు 1,500 చొప్పున ఇరవై నాలుగు నెలలకు 36,000. కలిపి 84,400. సొంత కోడ్: 1,40,000, సర్వర్ ఏడాదికి 12,000, కలిపి 1,76,000, మార్పులకు గంటకింత అని విడిగా. వీటన్నిటి మీదా జీఎస్టీ అదనం. ఇవి ఆ మూడు కాగితాల్లోని అంకెలు, మీ ఊళ్ళో మీకు వేరేగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే వాడండి.

ఇంత చూశాక మేం బిల్డర్ తీసుకున్నాం. అకౌంట్స్ అమ్మాయి మార్చగలదు, కాపలా మనిషి అక్కర్లేదు, బయటకు రావాలంటే మూడు రోజుల పని. ఉత్పత్తులు యాభై దాటితేనో, ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులు రాయడం మొదలెడితేనో, “1000 లీటర్ల లోపు, 316 గ్రేడు” అని ఏరి చూపించాల్సి వస్తేనో అప్పుడు వర్డ్‌ప్రెస్‌కి మారదామని అనుకున్నాం. ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ అయితే నా జవాబు వేరేగా ఉండేది. పచ్చళ్ళో, చీరలో వందల్లో అమ్మేవాళ్ళకు షాపిఫైకీ, వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌కీ మధ్యనే అసలు పోటీ. అక్కడా తేల్చేది అదే ప్రశ్న, ఆర్డర్ల మధ్యలో రాత్రి పది గంటలకు సైటు పడిపోతే చూసేదెవరని.

అయితే పని మొదలెట్టబోతే అసలు గండం ఇంకోచోట బయటపడింది. వాళ్ళకు పాత సైటు ఒకటి ఉండేది, దాని డొమైన్, అంటే సైటు చిరునామా పేరు, పాత డెవలపర్ ఖాతాలో ఉంది. అతను ఫోన్ ఎత్తడం లేదు. గడువు ఇంకా నాలుగు నెలలే. గడువు దాటిపోతే ఆ పేరు అమ్మిన రిజిస్ట్రార్ ఇచ్చే కొద్ది రోజుల వెసులుబాటు తర్వాత .com పేరు ముప్ఫై రోజుల రిడెంప్షన్‌లోకి వెళ్తుంది, అక్కడ విడిపించుకోవాలంటే మామూలు ధరకు చాలా రెట్లు అడుగుతారు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. పన్నెండేళ్ళుగా కొటేషన్ల మీద, ట్యాంకుల నేమ్‌ప్లేట్ల మీద ఆ పేరే ఉంది. మూడు వారాలు వెతికితే లింక్డ్‌ఇన్‌లో దొరికాడు. ఉద్యోగం వచ్చి ఊరు మారాడు, నంబరు మార్చాడు, అంతకు మించి దురుద్దేశం లేదు. ట్రాన్స్‌ఫర్ కోడ్ పంపాడు, పేరు కంపెనీ ఖాతాలోకి వచ్చింది. ఏ దారి ఎంచుకున్నా డొమైన్ మాత్రం కంపెనీ మెయిల్‌తో, కంపెనీ కార్డుతో, మీరే కొనండి. ఆ మెయిల్ కూడా అదే డొమైన్‌ది కాకుండా వేరే జీమెయిల్ అయితే మేలు, డొమైన్ పోతే దాని మెయిలూ పోతుంది కాబట్టి.

డొమైన్‌ను కొత్త సైటుకు మళ్ళించే రోజు ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. కొత్త సైటు కోసం నేమ్‌సర్వర్లు మార్చేసి, మెయిల్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పే, పాతచోట ఉన్న MX రికార్డులు రాసుకోవడం మర్చిపోతారు. సైటు కొత్తగా మెరుస్తుంటుంది, ఆఫీసు మెయిళ్ళు మాత్రం రావడం మానేస్తాయి. “రెండు రోజుల నుంచి మెయిల్స్ తక్కువగా ఉన్నాయేంటి” అని ఎవరో అనేదాకా తెలీదు. మార్చే ముందు ఆ రికార్డులన్నీ ఉండే డీఎన్‌ఎస్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఐదు నిమిషాల పని.

పాత సైటు తీసేసే ముందు దాని ఎంక్వైరీ ఫారం ఒకసారి నింపి చూశాను. “థాంక్యూ” అని వచ్చింది. మెయిల్ రాలేదు. స్పామ్‌లోనూ లేదు. ఫారం పంపే అడ్రసు పాత డెవలపర్‌ది, ఎనిమిది నెలలుగా వచ్చినవన్నీ ఎవరూ తెరవని డబ్బాలో పడుతున్నాయి. ఓనరు గారేమో “మన లైన్‌లో వెబ్‌సైట్‌కి గిరాకీ రాదండీ” అని నిర్ణయానికి వచ్చేశారు. వర్డ్‌ప్రెస్‌లో ఇది ఇంకో రూపంలో వస్తుంది. ఫారం మెయిళ్ళు హోస్టింగ్ సర్వర్ నుంచే నేరుగా పోతే జీమెయిల్ వాటిని నమ్మక స్పామ్‌లో వేస్తుంది. ఎస్‌ఎంటీపీ ప్లగిన్ పెట్టి అసలు మెయిల్ ఖాతా ద్వారా పంపిస్తే సర్దుకుంటుంది.

అందుకని కొత్త సైటు వచ్చాక ఒక పద్ధతి పెట్టాం. ప్రతి నెలా ఒకటో తారీఖున అకౌంట్స్ అమ్మాయి తన ఫోన్ నుంచి ఒక ఉత్తుత్తి ఎంక్వైరీ పంపాలి, అది మెయిల్‌కు వచ్చిందో లేదో చూసి రిజిస్టర్‌లో టిక్ పెట్టాలి. రెండో నెల ఆమె “500 లీటర్ల కూలర్, అర్జెంట్” అని పంపింది. పావుగంటలో ఆమె ఫోన్ మోగింది. పక్క గదిలోంచి మార్కెటింగ్ కుర్రాడు, “మేడమ్, డెలివరీ ఏ ఊరికండీ?” అని.